చూరు నీళ్లకు గట్టర్ ఎంత, పైపు ఎంత?

రోహిణి ఎండలు ముగుస్తున్నయి. మృగశిర వస్తే మన భివండీలో వాన ఎట్ల కొడుతదో కొత్తగా చెప్పే పని లేదు. ఈ నెలల్లోనే మన పత్రా ఇళ్లవాళ్లు గట్టర్ పెట్టించాలని తిరుగుతుంటరు. దుకాణంలో "చూరు ఎన్ని ఫీట్లు?" అని ఒక్క మాట అడుగుతరు. ముప్పై అంటే ముప్పై ఫీట్ల గట్టర్, ఒక మూడించుల పైపు కట్టి ఇస్తరు. చూరు పొడుగు చెప్తే గట్టర్ పొడుగు తెలుస్తది గాని, ఆ గట్టర్‌లో ఎన్ని నీళ్లు పడతయో తెల్వదు. అది తెలవాలంటే కప్పు ఎంత ఉన్నదో కూడా కొలవాలె. ఈ రెండు కొలతలు చేతిలో ఉంటే మిగిలిందంతా నాలుగో తరగతి లెక్కే. నేను చదివింది కూడా అంతవరకే.

ఈసారి మా వెనక గల్లీలో ఒక చెల్లె ఇంటికి ఈ లెక్క కట్టినం. ఆమెది రెండు వాలుల సిమెంటు పత్రా ఇల్లు. ముందు చూరు రోడ్డు దిక్కు, వెనక చూరు మూడు ఫీట్ల సందులోకి. ఆ సందు అవతలి గోడ పక్కింటి వాళ్లది. గోడ లోపల వాళ్లు నూలు బాచిన్లు, బీములు పెట్టుకుంటరు. పోయిన వానకాలం ఈమె చూరు నీళ్లు ఎగిరి ఆ గోడకు కొట్టి, లోపల చెమ్మ దిగి, నూలు మీద మచ్చలు పడ్డయి. మాటకు మాట పెరిగింది. ఈ వానకు ముందు గట్టర్ పెట్టకపోతే నష్టం కట్టాల్సిందే అన్నరు. చిట్టీ ఎత్తిన పైసలు చేతిలో పట్టుకొని "అన్నా, ఒక్కసారే పెడత, మళ్లా పెట్టే తాకత్తు నాకు లేదు, సరిగా చూసి చెప్పు" అన్నది. అందుకని టేపు తీసుకొని పోయిన.

మొదట కప్పు కొలత. దీనికి పత్రా ఎక్కొద్దు. పాత సిమెంటు పత్రా మీద కాలు పెడితే మేకు వరుస తప్పినచోట పటుక్కున ఇరుగుతది, మనిషి లోపల పడతడు. కొలత కింద నుంచే దొరుకుతది, పైగా మనకు కావాల్సింది కింది కొలతే. వాన నిలువునా పడుతది గనక, వాలు ఎంత నిటారుగా ఉన్నా, కప్పు నీడ నేల మీద ఎంత మేర పడుతుందో అంత మేర వాననే అది పట్టుకుంటది. పత్రా పొడుగును వాలు వెంట కొలిస్తే లెక్క ఎక్కువ వస్తది. ఈ ఇంట్లో వాలు వెంట కొలిస్తే పదకొండు ఫీట్ల ఎనిమిదించులు ఉన్నది, నేల మీద మాత్రం పదకొండే.

నేల మీద ఎట్ల కొలిచినమంటే, చూరు కింద ఏండ్ల సంది నీళ్లు పడి మట్టిలో గుంటల వరుస అయి ఉన్నది. అదే చూరు అంచు. ఇంట్లో నడి మొగురం కింద దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి నేల మీద సుద్దతో గీత కొట్టినం. గీత నుంచి గుంటల వరుస దాకా, నడుమ గోడ మందం కూడా కలుపుకొని, పదకొండు ఫీట్లు. ఇక చూరు పొడుగు: గోడలు ఇరవై ఎనిమిది ఫీట్లు, రెండు కొసలకు పత్రా ఒక్కో ఫీటు బయటికి వచ్చింది, మొత్తం ముప్పై. చాలామంది గోడ కొలిచి ఊరుకుంటరు. అప్పుడు కొసన రెండు ఫీట్ల పత్రా కింద గట్టర్ ఉండదు, ఆ నీళ్లన్నీ గోడ మూలకు దిగుతయి.

ముప్పైని పదకొండుతో గుణిస్తే 330 చదరపు ఫీట్లు. ఇది గాలి లేని వానకు. మన దగ్గర పడమటి గాలితో వాన ఏటవాలుగా వస్తది, అప్పుడు గాలికి ఎదురుగా ఉన్న వాలు ఎక్కువ నీళ్లు పట్టుకుంటది. అందుకు పనివాళ్లు పెట్టుకున్న లెక్క ఏమంటే, కప్పు ఎత్తులో సగం ఆ నేల కొలతకు కలపాలె. మొగురం నేల నుంచి పదమూడున్నర ఫీట్లు, చూరు తొమ్మిదిన్నర. తేడా నాలుగు, సగం రెండు. పదకొండుకు రెండు కలిపితే పదమూడు. ముప్పైని పదమూడుతో గుణిస్తే 390 చదరపు ఫీట్లు. ఈ ఇంటికి ఇదే లెక్క. రెండు వాలులూ ఒక్క తీరే గనక రెండు దిక్కులా 390.

ఇప్పుడు నీళ్లు. ఎంత వానకు లెక్క కట్టాలె అన్నది అసలు మాట. ఇక్కడ మనోళ్లు పేపర్‌లో వచ్చిన రోజు లెక్క చూసి మోసపోతరు. 2005 జూలై 26న ముంబైలో శాంతాక్రుజ్ దగ్గర ఒక్క దినానికి 944 మిల్లీమీటర్లు పడ్డది. ఆ దినం ఎట్లుండెనో చూసినోళ్లకు యాదికున్నది. అయినా 944ను ఇరవై నాలుగు గంటలకు పంచితే గంటకు నలభై కూడా రాదు. అది నిజం లెక్క కాదు, ఎందుకంటే ఆ నీళ్లలో ఎక్కువ భాగం మధ్యాహ్నం తర్వాత కొన్ని గంటల్లోనే వచ్చినయి. గట్టర్‌కు దినం లెక్కతో పని లేదు, గట్టిగా కొట్టే ఆ పావుగంట, అరగంట లెక్కతో పని. గంటకు వంద మిల్లీమీటర్లు, అంటే నాలుగించుల జోరు పట్టుకొని చేస్తే మామూలు గట్టి వానలన్నిటికీ సరిపోతది. షోలాపూర్‌లో ఉన్న మన చుట్టాలు "మాకు వాన తక్కువ, రెండించుల పైపు చాలు" అంటుంటరు. ఏడాది వాన తక్కువే, ఒప్పుకుంటా. కాని ఎప్పుడో ఒకనాడు ఉరిమి అరగంట కొట్టే వానకు జోరు తక్కువేం ఉండదు.

గంటకు వంద మిల్లీమీటర్ల జోరుకు ఒక సులువైన లెక్క ఉన్నది. వంద చదరపు ఫీట్ల కప్పు మీద నిమిషానికి పదిహేనున్నర లీటర్లు పడతయి. మన స్నానాల గదిలో ఉండే పదిహేను లీటర్ల బకెట్ అనుకోండి. అంటే వంద చదరపు ఫీట్లకు నిమిషానికి ఒక బకెట్. మన చెల్లె ఇంటి 390కి ఒక్కో చూరుకు నిమిషానికి నాలుగు బకెట్లు. ఎవరైనా నిలబడి నిమిషానికి నాలుగు బకెట్లు ఆగకుండా గట్టర్‌లో గుమ్మరిస్తున్నట్టు. ఇట్ల చెప్తే ఆమెకు ఒక్క మూడించుల పైపు ఎందుకు చాలదో వెంటనే తెలిసింది.

పైపు ఎంత నీళ్లు తీసుకుంటదన్నది మన దేశంలో ఇళ్లు కట్టే ఇంజనీర్లు వాడే పట్టికలో ఉన్నది. ఈ వంద మిల్లీమీటర్ల జోరుకు రెండించుల పైపు 70 చదరపు ఫీట్ల కప్పు నీళ్లను, మూడించులది 220 చదరపు ఫీట్లను, నాలుగించులది 460 చదరపు ఫీట్లను దించుతది. చూడండి, రెండు నుంచి నాలుగించులకు పోతే పైపు రెండింతలే, నీళ్లు మాత్రం ఆరింతలకు పైన. అందుకే మూడించుల పైపు బదులు రెండించులది రెండు పెడతా అంటే కుదరదు. రెండు కలిసినా 140కే సరి.

390కి రెండు దారులు ఉన్నయి. నాలుగించుల పైపు ఒకటి పెట్టొచ్చు, 460 దాకా తీసుకుంటది. లేదా మూడించులవి రెండు, రెండు కొసలకు, అవి కలిసి 440 తీసుకుంటయి. ఏది పెట్టాలన్నది కప్పు చెప్పదు, కింద మోరి చెప్తది. ముందు దిక్కు రోడ్డు మోరి ఇంటి పొడుగంతా ఉన్నది గనక ఏ కొసన దించినా సరే. అక్కడ మూడించులవి రెండు పెట్టమన్న. గట్టర్ నడుమ ఎత్తు ఉంచి రెండు దిక్కులా వాలు పెడితే ఒక్కో పైపుకు 195 చదరపు ఫీట్ల నీళ్లే వస్తయి, గట్టర్‌లో కూడా సగం సగం పారుతయి. ఒక పైపులో చెత్త ఇరికినా రెండోది కొంత ఆదుకుంటది. వెనక సందులో అట్ల కాదు. సందుకు ఒక్క కొసనే మోరి ఉన్నది. రెండో కొసన పైపు దించితే ఆ నీళ్లు సందులోనే నిలిచి, మళ్లా ఆ పక్కింటి గోడ మొదట్లోకే పోతయి. అక్కడ నాలుగించులది ఒక్కటే, మోరి ఉన్న కొసన. అందుకని వెనక గట్టర్ ముప్పై ఫీట్ల నీళ్లనూ ఒకే దిక్కుకు మోయాలె, అది వెడల్పుగా ఉండాలె.

అర్ధచంద్రం తీరు గట్టర్‌లో నాలుగించుల వెడల్పుది నిమిషానికి సుమారు మూడు బకెట్లు మోస్తది, ఆరించులది ఎనిమిది దాకా. ఇది శుభ్రంగా ఉన్నప్పటి మాట. మనకు వచ్చేవి నాలుగు, కాబట్టి వెనక నాలుగించులది పనికిరాదు, ఆరించులది కావాలె. ఎనిమిది మోసేదాన్ని నాలుగుకు పెట్టుడు దండుగ కాదు. మన ఊళ్లో మరమగ్గాల నుంచి ఎగిరే దూది నూగు పత్రాల మీద పేరుకుంటది. తొలి వానకు అదంతా ఒక్కసారి గట్టర్‌లోకి దిగుతది. సగం గట్టర్ దానికే పోతది.

ఇక గట్టర్ తునకల లెక్క. దుకాణపాయన "ముప్పై ఫీట్లకు పది ఫీట్లవి మూడు" అన్నడు. జోడు ముక్కతో అతికే ప్లాస్టిక్ గట్టర్ అయితే తునక మీద తునక ఎక్కదు గనక ఆ లెక్క దాదాపు సరే. చెల్లె తీసుకున్నది జీఐ పత్రా గట్టర్. అందులో ఒక తునక మీద ఇంకోటి మూడించులు ఎక్కాలె. మూడు తునకలకు రెండు అతుకులు, ఆరించులు పోతయి, మిగిలేది ఇరవై తొమ్మిదిన్నర. పైగా రెండు కొసలకు గట్టర్ పత్రాను దాటి ఇంచో, అంతకు కొంచెం తక్కువో ముందుకు ఉండాలె, లేకుంటే కొస నీళ్లు పక్కకు జారుతయి. కావాల్సింది ముప్పై ఫీట్ల రెండించులు. ఎనిమిది ఫీట్ల తునకలు నాలుగు తీసుకుంటే, మొదటిది ఎనిమిది, మిగిలిన మూడూ ఏడు ఫీట్ల తొమ్మిదించుల చొప్పున లెక్క, మొత్తం ముప్పై ఒక్క ఫీటు మూడించులు. ఎక్కువైంది కోసేయొచ్చు.

ఇందులో ఒక లాభం కూడా కలిసొచ్చింది. ఆరించుల అర్ధచంద్రానికి వంపు మీద తొమ్మిదిన్నర ఇంచుల పత్రా పడుతది, రెండు అంచులు మడవడానికి ఇంకో రెండున్నర, మొత్తం పన్నెండు. ఎనిమిది బై నాలుగు జీఐ షీటు ఒకటి నిలువునా నాలుగు పట్టీలు కోస్తే సరిగ్గా నాలుగు తునకలు వస్తయి, ముక్క వృథా కాదు. ఒక చూరుకు ఒక షీటు. కొసల మూతలకు మాత్రం ముక్క వేరే అడగాలె. అందుకే ముందు దిక్కు అంత వెడల్పు అక్కర లేకపోయినా అక్కడ కూడా ఆరించులదే చేయించినం.

అతికేటప్పుడు ఎగువ తునక కొస దిగువ తునక లోపలికి రావాలె, పెంకు మీద పెంకు ఎక్కినట్టు. తిరగేసి పెడితే ఎంత మందు పూసినా అతుకు నుంచి కారుతది. పట్టీలు మూడు ఫీట్లకొకటి చొప్పున ముప్పై ఫీట్లకు పది ఎడాలు, పదకొండు పట్టీలు. పది కొని వచ్చినోళ్లను చానమందిని చూసిన. నడుమ ఎక్కడో ఒకచోట ఆరు ఫీట్ల ఎడం వదిలి సరిపెడతరు. నీళ్లు నిండిన గట్టర్ బరువుకు అక్కడే కుంగుతది.

వాలు పది ఫీట్లకు అర ఇంచు. వెనక ముప్పై ఫీట్లకు ఒకటిన్నర ఇంచు, ముందు నడుమ నుంచి అటు ఇటు పదిహేనేసి ఫీట్లకు ముప్పావు ఇంచు. ఇంతకంటే ఎక్కువ పెడితే కింది కొసన పత్రాకు, గట్టర్‌కు నడుమ సందు పెరిగి గాలికి నీళ్లు బయట పడతయి. పత్రా అంచును చూసి వాలు పెట్టొద్దు, పాత ఇళ్లలో చూరే వంకరగా ఉంటది. నీళ్లు నింపిన లెవెల్ పైపుతో రెండు కొసలకు ఒకే మట్టం గుర్తు పెట్టి, మోరి దిక్కున ఒకటిన్నర ఇంచు దించి, నడుమ దారం బిగించి, పట్టీలన్నీ ఆ దారానికి కొట్టాలె. పత్రా అంచు గట్టర్ వెడల్పులో మూడో వంతు దాకా, అంటే రెండించులు లోపలికి రావాలె. ఇంకా లోపలికి వస్తే జోరు నీళ్లు అవతలి అంచు దూకుతయి. తక్కువ వస్తే నీళ్లు పత్రా అడుగు పట్టుకొని వెనక్కి పారి గోడకు దిగుతయి. గట్టర్ బయటి అంచు లోపలి అంచు కంటే అర ఇంచు కిందికి ఉండాలె. లెక్కకు మించిన వాన వచ్చి పొంగినా మన గోడ దిక్కు పొంగదు.

దిగే పైపు పొడుగును చూరు ఎత్తు అనుకుంటరు. అంతే కాదు. చూరు ఎత్తు తొమ్మిదిన్నర ఫీట్లు. గట్టర్ లోతు మూడించులు, వాలు ఒకటిన్నర, పత్రా కింద విడిచింది కొంత, అన్నీ కలిపి గట్టర్ అడుగు రంధ్రం నేల నుంచి తొమ్మిది ఫీట్ల మీద వచ్చింది. కింద పైపు నోరు మోరి అంచుకు ఆరించుల మీద ఆగాలె, నీళ్లు పారేది కంటికి కనబడాలె. అంటే నిలువు ఎనిమిదిన్నర. కాని రంధ్రం ఉన్నది గోడకు దూరంగా, పైపు పోవాల్సింది గోడ వెంట. దారం వేలాడదీసి చూస్తే ఆ అడ్డ దూరం పదహారించులు. రెండు అర వంపులు పెట్టి నడుమ ఏటవాలు ముక్క వేయాలె. ఆ ఏటవాలు వల్ల పైపు ఎక్కువ పడుతది, ఎంతంటే అడ్డ దూరంలో పదింట నాలుగు పాళ్లు. పదహారుకు ఆరున్నర ఇంచులు. ఎనిమిదిన్నర ఫీట్లకు అది కలిపితే తొమ్మిది ఫీట్ల అర ఇంచు. పది ఫీట్ల పైపు ఒకటి చాలు, అతుకు అక్కర లేదు. ముందు దిక్కు కూడా ఇంచుమించు ఇదే, పది ఫీట్ల మూడించుల పైపులు రెండు. ఏటవాలు బదులు తొంభై డిగ్రీల మూల వంపులు రెండు వేసి అడ్డంగా పైపు పరిచేవాళ్లు ఉన్నరు. అడ్డం ముక్కలో నూగు, మట్టి నిలిచి ఒక్క వానకాలంలో పూడుతది. పైపు వెడల్పు నోరు పైకే ఉండాలె, పై ముక్క దాంట్లోకి దిగాలె. మందు పూసే ముందు ఒకసారి ఉత్తగనే జోడించి చూసుకోవాలె.

రంధ్రం మీద చదును జాలీ పెట్టొద్దని గట్టిగా చెప్పిన. దూది నూగు తడిసి దాని మీద నమ్దా లెక్క పరుచుకుంటది, చుక్క నీళ్లు దిగవు. తీగతో బుట్ట లెక్క పైకి లేచిన జాలీ పెడితే అడుగున నూగు పట్టినా పై నుంచి నీళ్లు దిగుతయి. అది కూడా మృగశిరకు ముందు ఒకసారి, తొలి గట్టి వాన తర్వాత ఇంకోసారి నిచ్చెన వేసి తీయాల్సిందే.

పని అయినంక కూలి పైసలు ఇయ్యకముందే పరీక్ష పెట్టినం. వెనక గట్టర్ పై కొసన ఒక బకెట్ పోస్తే చివర దాకా పారి, నడుమ ఎక్కడా వేలు మందం కూడా నిలవలేదు. నిలిస్తే అక్కడ పట్టీ కుంగినట్టు. తర్వాత నలుగురు పోరగాళ్లను నిచ్చెనల మీద, పక్కింటి మేడ మెట్ల మీద నిలబెట్టి, గడియారం చూసి ఒక్క నిమిషంలో నాలుగు బకెట్లు పోయించినం. పై కొస పొంగితే వాలు తప్పినట్టు, పైపు దగ్గర పొంగితే పైపు చాలనట్టు లేదా జాలీ మూసుకున్నట్టు. ఏదీ పొంగలేదు. మూడో అతుకు దగ్గర మాత్రం బొట్టు బొట్టు కారింది. పత్రా పనాయన అక్కడే మళ్లా మందు పూసిండు. మేడ మెట్లు ఇచ్చిన పక్కింటాయన తన గోడ తడి చూసుకుంటూ అక్కడే నిలబడ్డడు. "ఇంకో నాలుగు పోయుండ్రి" అన్నడు. పోసినం. గోడ పొడిగానే ఉన్నది.